రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు: లాగ్ అసమీకరణంలో గుర్తు ఎక్కడ తిరుగుతుంది, డొమైన్ ఎక్కడ అడ్డుపడుతుంది

ప్రశ్న:

నమస్కారం సార్. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ క్యాట్‌కు చదువుకుంటున్నాను. లాగరిథం అసమీకరణాల్లో లెక్క చివరిదాకా వస్తుంది కానీ ఆప్షన్లన్నీ ఒకేలా కనిపిస్తాయి, తప్పుది పెడుతున్నాను. మొన్నటి మాక్ పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది.

log_x((7x − 2)/3) > 2 అయితే x విలువలు ఏవి?

(ఎ) (1/3, 2)
(బి) (1/3, 1) ∪ (1, 2)
(సి) (0, 1/3) ∪ (1, 2)
(డి) (2/7, 1/3) ∪ (1, 2)

నేను 3x² − 7x + 2 < 0 అని చేసి, బేస్ 1 కాకూడదు కదా అని 1ని తీసేసి బి పెట్టాను. జవాబు డి అట. ఈ 2/7 ఎక్కడిది? 1/3 నుంచి 1 దాకా ఉన్న ముక్క ఎందుకు పోయింది? పరీక్షలో ఇలాంటివి త్వరగా పట్టుకునే దారి చెప్పగలరా?

సమాధానం:

ముందు x = 1/2 పెట్టి చూడండి. 7x అంటే 7/2, అందులోంచి 2 తీసేస్తే 3/2, దాన్ని 3తో భాగిస్తే 1/2. అంటే లాగ్ లోపల 1/2 ఉంది, బేస్ కూడా 1/2 ఉంది. ఆ లాగ్ విలువ 1. మనకు కావలసింది 2 కన్నా ఎక్కువ. కాబట్టి 1/2 జవాబులో ఉండటానికి వీల్లేదు. మీరు ఎంచుకున్న బి ఆప్షన్‌లో అది నడిమధ్యన కూర్చుని ఉంది, ఎ ఆప్షన్‌లో కూడా ఉంది. ఆ ఒక్క సంఖ్యతో రెండు ఆప్షన్లు పోయాయి. ఇంత తేలికగా పోయే ఆప్షన్‌ను మీరు ఎందుకు పెట్టారన్నదే అసలు చూడవలసిన విషయం.

మీరు వేసిన మొదటి అడుగు చూద్దాం. log_x(f) > 2 అని ఉంటే వెంటనే f > x² అని రాశారు. (f అంటే ఇక్కడ (7x − 2)/3 అనుకుందాం.) ఈ అడుగులో కంటికి కనపడని ఒక గుణకారం జరిగింది. log_x(f) అంటే నిజానికి log f ను log x తో భాగించడం; రెండు లాగ్‌లకూ బేస్ 10 అనుకోండి. అప్పుడు అసమీకరణం (log f)/(log x) > 2 అవుతుంది. దీన్ని log f > 2 log x గా మార్చాలంటే రెండు వైపులా log x తో గుణించాలి. x విలువ 1 కన్నా ఎక్కువైతే log x ధన సంఖ్య, గుర్తు అలాగే ఉంటుంది. x విలువ 0కి, 1కి మధ్య ఉంటే log x ఋణ సంఖ్య. ఋణ సంఖ్యతో గుణిస్తే > గుర్తు < గా తిరుగుతుందని మనం ముందే నేర్చుకున్నాం. బేస్ 1 కన్నా తక్కువైతే గుర్తు తిప్పాలి అనే సూత్రం వేరే ఏదో కాదు, ఆ పాత విషయమే. నేను జయనగర్‌లో శని, ఆదివారాల్లో పాఠం చెప్పే పిల్లల్లో చాలామంది దీన్ని ఒక విడి సూత్రంగా బట్టీ పట్టి వస్తారు. బేస్ 1/2 అని కంటికి కనిపించేలా ఇచ్చినప్పుడు వాళ్లకు అది గుర్తొస్తుంది. బేస్‌లో x పెట్టగానే గుర్తు రాదు, ఎందుకంటే x చూడటానికి 1 కన్నా తక్కువలా కనపడదు. log x తో గుణిస్తున్నామని మనసులో ఉంటే మాత్రం, దాని గుర్తు ఏమిటన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఇప్పుడు లెక్కను సరిగా చేద్దాం. లాగ్ ఉండాలంటే మూడు షరతులు: బేస్ x ధనం కావాలి, x విలువ 1 కాకూడదు, లోపలి f ధనం కావాలి. మూడోది 7x − 2 > 0, అంటే x > 2/7. ఇది నెరవేరితే x > 0 ఎలాగూ నెరవేరుతుంది. కాబట్టి మనం తిరగగలిగే చోటు (2/7, 1), (1, ∞) అనే రెండు ముక్కలు మాత్రమే. మీరు అడిగిన 2/7 ఇదే.

x > 1 ముక్కలో గుర్తు తిరగదు. (7x − 2)/3 > x², అంటే 3x² − 7x + 2 < 0, అంటే (3x − 1)(x − 2) < 0. ఇది 1/3కి, 2కి మధ్య నిజం. x > 1తో కలిపితే (1, 2) మిగులుతుంది.

2/7 < x < 1 ముక్కలో గుర్తు తిరుగుతుంది. (3x − 1)(x − 2) > 0 కావాలి. అది 1/3కి ఎడమన గానీ, 2కి కుడిన గానీ నిజం. 2కి కుడివైపు ఈ ముక్కలో లేదు. 1/3కి ఎడమవైపు 2/7 దాకా మాత్రమే వెళ్లగలం. కాబట్టి (2/7, 1/3). రెండూ కలిపితే డి.

ఇక్కడితో లెక్క అయిపోయింది కానీ, ఇందులో ఒక సంగతి ఉంది. దాన్ని గమనించనివాళ్లే డొమైన్‌ను మరిచిపోతారు. మొదటి ముక్కలో f > 0 అన్న షరతు వాడామా? వాడనక్కరలేకపోయింది. అక్కడ f > x² అని అడిగాం. x² ధనం కాబట్టి దానికన్నా పెద్దదైన f ధనం కాక తప్పదు. రెండో ముక్కలో f < x² అని అడిగాం. x² కన్నా తక్కువగా ఉండే సంఖ్యల్లో సున్న ఉంది, ఋణ సంఖ్యలన్నీ ఉన్నాయి. వాటిని ఆపడానికి f > 0 అని మనం విడిగా రాయాలి. మనం రాయకపోతే అసమీకరణం వాటిని ఆపదు. అంటే డొమైన్ ఎప్పుడూ ఒకే బలంతో పనిచేయదు. లాగ్ లోపలి భాగం దేనికన్నా ఎక్కువ ఉండాలి అన్నప్పుడు అది తనంతట తానే నెరవేరుతుంది. దేనికన్నా తక్కువ ఉండాలి అన్నప్పుడు అదే జవాబుకు ఒక గోడ కాగలదు.

రెండు వైపులా లాగ్ ఉన్నా ఇంతే. log_5(A) > log_5(B) అంటే A > B > 0. B ధనమైతే A గురించి అడగనే అక్కరలేదు. బేస్ 1 కన్నా తక్కువైతే 0 < A < B. ఇప్పుడు A మీదే కన్ను ఉండాలి. గుర్తు ఖాయం చేసుకున్న తర్వాత రెండింటిలో ఏది చిన్నదో చూసి, దాన్ని సున్న కన్నా పెద్దదిగా ఉంచితే చాలు. గుర్తు తిరిగితే చిన్నది ఏదో మారిపోతుంది, కాబట్టి డొమైన్ షరతు ఏ భాగం మీద పడుతుందో అదీ మారిపోతుంది. డొమైన్, గుర్తు తిరగడం అని రెండు జాగ్రత్తలను వేర్వేరుగా గుర్తుపెట్టుకోవడం కన్నా, రెండోది తేల్చాక మొదటిది ఎక్కడ పట్టాలో చూడటం మంచిది.

ముక్కలు చేయడం మీకు నెమ్మదిగా అనిపిస్తే ఒకే వరుసలో చేసే పద్ధతి కూడా ఉంది. ఒకే బేస్ a ఉన్న రెండు లాగ్‌ల తేడా log_a(f) − log_a(g) కి ఏ గుర్తు ఉంటుందో, డొమైన్ లోపల (a − 1)(f − g) కి కూడా అదే గుర్తు ఉంటుంది. a విలువ 1 దాటితే రెండు కారణాంకాల్లో మొదటిది ధనం, 1 లోపు అయితే ఋణం. గుర్తు తిప్పే పనిని ఆ (a − 1) చేస్తుంది. మన ప్రశ్నలో 2ను log_x(x²) గా రాస్తే:

(x − 1)((7x − 2)/3 − x²) > 0

−3తో గుణిస్తే గుర్తు తిరిగి (x − 1)(3x − 1)(x − 2) < 0 వస్తుంది. సంఖ్యారేఖ మీద 1/3, 1, 2 గుర్తించండి. 2కి కుడివైపు మూడు కారణాంకాలూ ధనం, లబ్ధం ధనం. అక్కడి నుంచి ఎడమకు వస్తూ ఒక్కొక్క మూలం దాటినప్పుడల్లా గుర్తు మారుతుంది: (1, 2)లో ఋణం, (1/3, 1)లో ధనం, 1/3కి ఎడమన ఋణం. మనకు కావలసినవి ఋణం ఉన్న చోట్లు: x < 1/3, 1 < x < 2. దీనికి x > 2/7 కలిపితే డి వచ్చేసింది. ఈ పద్ధతిలో డొమైన్‌ను ముందే ఒక మూల రాసిపెట్టుకోవడం తప్పనిసరి, ఎందుకంటే వరుసలో అది ఎక్కడా కనపడదు. కేవలం x > 0 గుర్తుంచుకుని f > 0 మరిచిపోతే ఏం వస్తుందో చూడండి: (0, 1/3) ∪ (1, 2). అది అచ్చంగా సి ఆప్షన్.

ఇప్పుడు నాలుగు ఆప్షన్లనూ మళ్లీ చదవండి. బేస్ గురించి అసలు ఆలోచించని వ్యక్తికి ఎ వస్తుంది. బేస్ 1 కాకూడదని గుర్తుండి, గుర్తు తిరుగుతుందని గుర్తులేని వ్యక్తికి బి వస్తుంది. గుర్తు సరిగా తిప్పి, లోపలి భాగం సంగతి వదిలేసిన వ్యక్తికి సి వస్తుంది. ప్రశ్న రాసిన వారు ఈ ఆప్షన్లను ఊరికే పక్కపక్కన పెట్టలేదు. ఒక్కొక్క పొరపాటు చేసి చూసి, ఏం వస్తే అది ఆప్షన్‌గా రాశారు. అందుకే మీకు వచ్చిన జవాబు ఆప్షన్లలో ఉండటం మీ లెక్క సరైనదనడానికి ఋజువు కాదు. ఇలాంటి ప్రశ్నల్లో తప్పు జవాబు కూడా ఆప్షన్లలో దొరుకుతుంది.

పరీక్షలో దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. ఆప్షన్లు ఎక్కడ కలుస్తున్నాయో కాదు, ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. x = 3/2 ఈ నాలుగు ఆప్షన్లలోనూ ఉంది. దాన్ని పెట్టి చూసి, అసమీకరణం నిజమైందని సంతోషపడితే ఒక్క ఆప్షన్ కూడా పోదు. బి ఆప్షన్, సి ఆప్షన్ విడిపోయేది 1/3కి, 1కి మధ్య. అక్కడ తేలికైన సంఖ్య 1/2. సి, డి విడిపోయేది 0కి, 2/7కి మధ్య. అక్కడ 1/4 ఉంది. x = 1/4 అయితే 7x − 2 = 7/4 − 2, ఋణం; లాగ్ లేదు. కాబట్టి సి పోయింది. రెండు సంఖ్యలతో ఒక్క ఆప్షన్ మిగిలింది. క్యాట్‌లో గణిత విభాగానికి 40 నిమిషాలే కాబట్టి, లెక్క పూర్తిగా చేసిన తర్వాత కూడా ఈ రెండు సంఖ్యలు పెట్టి చూడటానికి పట్టే కాసేపు వృథా కాదు. ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, ఒప్పుకు మూడు వస్తాయి.

ఆ తేడా ఒక్కోసారి చాలా ఇరుకుగా ఉంటుంది. ఐదో ఆప్షన్‌గా వట్టి (1, 2) ఇచ్చి ఉంటే, (2/7, 1/3) ముక్క నిజంగా ఉందా లేదా అని తేల్చుకోవాలి. 2/7 అంటే దాదాపు 0.286, 1/3 అంటే 0.333. మధ్యలో 0.3 ఉంది. పెడితే లోపలి భాగం (2.1 − 2)/3, అంటే సుమారు 0.033. ఇప్పుడు 0.3 బేస్‌గా 0.033 లాగ్ ఎంత? లాగ్ పట్టిక అవసరం లేదు. 0.3 వర్గం 0.09, ఘనం 0.027. 0.033 ఆ రెండింటి మధ్య ఉంది, కాబట్టి లాగ్ 2కి, 3కి మధ్య ఉంది. 2 కన్నా ఎక్కువే. ముక్క ఉండాల్సిందే. ఇలా బేస్ ఘాతాలను వరుసగా రాసి, మన సంఖ్య ఏ రెండింటి మధ్య పడుతుందో చూస్తే, గుర్తు తిప్పాలా వద్దా అన్న సూత్రమే అక్కర్లేకుండా జవాబు తెలుస్తుంది. మీరు చేసిన లెక్కలో గుర్తు తప్పిందేమోనన్న అనుమానం వస్తే, ఆ సూత్రంతో సంబంధం లేని ఇలాంటి తనిఖీయే పనికొస్తుంది.

అయితే సంఖ్యలు పెట్టి చూడటానికి ఒక హద్దు ఉంది. ఒక సంఖ్య అసమీకరణాన్ని తప్పిస్తే ఆ సంఖ్య ఉన్న ఆప్షన్ ఖాయంగా పోతుంది. నెరవేరిస్తే ఆ ఆప్షన్ ఒప్పని తేలదు, ఆ సంఖ్య లేని ఆప్షన్లు పోతాయంతే. ఆప్షన్లు ఇవ్వకుండా జవాబును టైప్ చేయమనే ప్రశ్నల్లో ఈ దారి అసలు లేదు. క్యాట్‌లో అలాంటివి కొన్ని ఉంటాయి. తప్పు రాస్తే మార్కు పోదు కానీ, ఎన్ని పూర్ణాంకాలు నెరవేరుస్తాయి అని అడిగితే హద్దు దగ్గర ఒక్క సంఖ్య అటూ ఇటూ అయినా మొత్తం జవాబు తప్పే. అలాంటి ఒకటి చూద్దాం.

log_3((x − 4)²) ≤ 2 ను నెరవేర్చే పూర్ణాంకాలు ఎన్ని?

లాగ్ సూత్రం ప్రకారం ఘాతాన్ని ముందుకు తెచ్చి 2 log_3(x − 4) ≤ 2 అని రాయాలని చెయ్యి లాగుతుంది. రాస్తే log_3(x − 4) ≤ 1, అంటే 0 < x − 4 ≤ 3. పూర్ణాంకాలు 5, 6, 7. జవాబు 3 అనిపిస్తుంది. కానీ x = 2 పెట్టండి: (−2)² = 4, log_3(4) విలువ 2 కన్నా తక్కువే. 2 కూడా పనిచేస్తోంది! వర్గం చేసినప్పుడు ఋణ సంఖ్య కూడా ధనం అవుతుంది, అందుకే అసలు ప్రశ్నలో x విలువ 4కి ఎడమవైపు కూడా వెళ్లగలదు. ఘాతాన్ని ముందుకు తెచ్చిన క్షణంలో మనమే ఆ సగాన్ని చెరిపేశాం. సరిగా రాయాలంటే 2 log_3|x − 4| అని నిలువు గీతలతో రాయాలి, లేదా ఘాతాన్ని కదపకుండా 0 < (x − 4)² ≤ 9 అని నేరుగా రాయాలి. నాకు రెండోదే ఇష్టం. వర్గం 9 లోపు అంటే 1 ≤ x ≤ 7, అందులో x = 4 దగ్గర వర్గం సున్న కాబట్టి అది పోతుంది. మిగిలినవి 1, 2, 3, 5, 6, 7. జవాబు 6. సున్న సంగతి మరిచినవారు 7 రాస్తారు, ఘాతాన్ని ముందుకు తెచ్చినవారు 3 రాస్తారు.

ఇక్కడ కూడా లోపలి భాగం 9 కన్నా తక్కువ కావాలి అని అడిగాం, అందుకే 0 అడ్డుపడింది. ≤ బదులు ≥ ఉండి ఉంటే (x − 4)² ≥ 9 అయ్యేది, 4 గురించి తలచుకోవలసిన పనే ఉండేది కాదు.

ఎదురు దిశలో కూడా ఇది జరుగుతుంది. log(x − 2) + log(x + 1) అని ఇస్తే రెండూ విడివిడిగా ధనం కావాలి, అంటే x > 2. వాటిని కలిపి log((x − 2)(x + 1)) అని రాసేస్తే x < −1 కూడా లోపలికి వచ్చేస్తుంది. కలిపితే డొమైన్ పెరుగుతుంది, విడదీస్తే తగ్గుతుంది. అందుకే డొమైన్‌ను ఎప్పుడూ ప్రశ్నలో ఇచ్చిన రూపం చూసి రాసుకోండి, మీరు సరళం చేసిన రూపం చూసి కాదు.

గుర్తు తిరిగే చోట్లలో మరో రెండు రూపాలు చెబుతాను, ఎందుకంటే బేస్ 1 దాటి ఉన్నా అవి తప్పుదారి పట్టిస్తాయి. మొదటిది సులువు. (0.3)ⁿ < 0.01 అయ్యే కనిష్ఠ పూర్ణాంకం n ఎంత? 10 బేస్‌గా లాగ్ తీసుకుంటే n × log 0.3 < −2. log 3 = 0.4771 కాబట్టి log 0.3 = −0.5229. దీంతో భాగించగానే n > 3.82, కాబట్టి n = 4. ఇక్కడ లాగ్ తీసినప్పుడు గుర్తు తిరగలేదు, భాగించినప్పుడు తిరిగింది. రెండు చోట్లా తిప్పితే మళ్లీ మొదటికే వస్తాం. n < 3.82 అని వస్తుంది. (0.3)³ = 0.027, (0.3)⁴ = 0.0081 అని చూసుకుంటే అనుమానం ఉండదు.

రెండోది కొంచెం లోతైనది. log_2(x) + 2 log_x(2) < 3 తీసుకోండి. log_2(x) ను t అంటే log_x(2) దాని విలోమం, 1/t. కాబట్టి t + 2/t < 3. ఇక్కడ చాలామంది రెండు వైపులా t తో గుణించి t² − 3t + 2 < 0 రాస్తారు, 1 < t < 2 వస్తుంది, x విలువలు (2, 4) అని పెడతారు. t అంటే లాగ్ విలువ, అది ఋణం కావచ్చు. x = 1/2 పెడితే t = −1, ఎడమవైపు −1 − 2 = −3, అది 3 కన్నా తక్కువే. కాబట్టి 1/2 జవాబులో ఉండాలి. గుణించకుండా 3ను ఎడమకు తెచ్చి (t − 1)(t − 2)/t < 0 అని రాస్తే t < 0 లేదా 1 < t < 2 వస్తుంది. t < 0 అంటే 0 < x < 1. జవాబు (0, 1) ∪ (2, 4). ఆప్షన్లలో (2, 4) ఉంటుంది, (0, 1) ∪ (2, 4) ఉంటుంది, బహుశా (−∞, 0) ∪ (2, 4) కూడా ఉంటుంది. చివరిది t < 0 ను x < 0 గా రాసుకున్నవారి కోసం. t నుంచి x కి తిరిగి వచ్చేటప్పుడు 2ᵗ వేసి రావాలి, 2ᵗ ఎప్పుడూ ధనమే.

మీ మొదటి ప్రశ్నలోని పొరపాటు, ఇందులోని పొరపాటు ఒకటేనని గమనించారా? అక్కడ log x తో గుణించారు, ఇక్కడ t తో గుణిస్తున్నారు. లాగ్ విలువతో గుణించిన ప్రతిచోటా, భాగించిన ప్రతిచోటా పెన్ను ఆపి ఆ విలువ గుర్తు తేల్చుకోండి. తేలకపోతే గుణించవద్దు, అంతా ఒకవైపు తెచ్చి భిన్నంగానే ఉంచండి.

బ్రాకెట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దగ్గర దగ్గరి ఆప్షన్లు తయారు చేయడానికి అతి తేలికైన పద్ధతి ఒక గుండ్రటి బ్రాకెట్‌ను చదరపు బ్రాకెట్‌గా మార్చడమే. మీ ప్రశ్నలో > బదులు ≥ ఇచ్చారనుకోండి. హద్దులు నాలుగు: 2/7, 1/3, 1, 2. వీటిలో ఏవి లోపలికి వస్తాయి? ప్రతి హద్దునూ అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. 1/3, 2 అనేవి 3x² − 7x + 2 = 0 నుంచి వచ్చాయి, అంటే అక్కడ లాగ్ సరిగ్గా 2. x = 2 అయితే లోపలి భాగం 12/3 = 4, 2 బేస్‌గా 4 లాగ్ 2. x = 1/3 అయితే లోపలి భాగం 1/9, 1/3 బేస్‌గా దాని లాగ్ 2. రెండూ లోపలికి వస్తాయి. 2/7 డొమైన్ నుంచి వచ్చింది. అక్కడ లాగ్ లోపల సున్న. 1 కూడా డొమైన్ నుంచే వచ్చింది. డొమైన్ నుంచి వచ్చిన ఈ రెండు చోట్లా లాగే లేదు కాబట్టి, ప్రశ్నలో ≥ ఉన్నా అవి లోపలికి రావు. జవాబు (2/7, 1/3] ∪ (1, 2].

ఇంకొకటి మీరు స్వయంగా చేసి చూడండి. అదే ప్రశ్నలో > తీసి < పెట్టండి. జవాబు (1/3, 1) ∪ (2, ∞) రావాలి. మీరు పరీక్షలో ఉంచేసిన (1/3, 1) ముక్క ఈ ఎదురు ప్రశ్నకు జవాబు. దీన్ని డి ఆప్షన్‌తో కలిపి, విలువ సరిగ్గా 2 అయ్యే 1/3, 2 అనే రెండు సంఖ్యలనూ చేర్చితే మొత్తం డొమైన్ (2/7, 1) ∪ (1, ∞) రావాలి. ఏ ముక్కా మిగలకూడదు, ఏదీ రెండుసార్లు రాకూడదు. ఈ ఎదురు ప్రశ్న జవాబులో 2/7 ఎక్కడా కనిపించదు. లోపలి భాగం తక్కువ కావాలని అడిగేది ఈసారి x > 1 ముక్కలో, అక్కడ x విలువ 2 దాటి ఉంది కాబట్టి 7x − 2 ధనమేనని ముందే తెలుసు.